రుద్రప్ప చావకూడదు

ధర్మవరంలో పట్టుచీరల వ్యాపారం చేసే తిప్పన్న ఒక ఆదివారం హైదరాబాదు బస్సు దిగి, స్నానం కూడా చేయకుండా, తెలుగు పండితుడు హనుమంతరాయుడి ఇంటి అరుగు మీద వచ్చి కూర్చున్నాడు.

"అయ్యవారూ, నేను టీవీ సీరియల్ తీస్తాండా. కథ నీది" అన్నాడు.

ఎనభై ఏడో సంవత్సరం ఎండాకాలం. వరసగా మూడో ఏడు వానల్లేవు. వేరుశనగ విత్తిన వాళ్లంతా విత్తనం భూమిలోనే వేగిపోయిందని చెప్పుకుంటున్నారు. ఊళ్లో మరో వార్త లేదు. టీవీ ఉన్న ఇళ్ల ముందు మాత్రం ఆదివారం పొద్దున చెప్పులు గుట్టలుగా పడి ఉండేవి. తిప్పన్న ఆ చెప్పుల్నే చూశాడు. ఒక పళ్లపొడి కంపెనీ వాళ్లు కథ బాగుంటే ఖర్చు పెట్టుకుంటామన్నారట. వారం వారం టీవీలో ఆడవాళ్లు తన కొట్టు చీరలు కట్టుకుని తిరుగుతారని తిప్పన్నకు రాత్రి బస్సులో ఒక్క కునుకు పట్టలేదు.

హనుమంతరాయుడు ఏమీ ఆశ్చర్యపోలేదు. ఇలాంటిది ఎప్పుడో ఒకప్పుడు వస్తుందని ఆయనకు తెలుసు. జిల్లాలో నాటక పోటీలు ఎక్కడ జరిగినా ఆయన నాటకం ఉండేది. ఆయన నాటకమంటే చివరి అంకంలో నాయకుడు చావాలి. చచ్చే ముందు పావుగంట మాట్లాడాలి. ఆ పావుగంట కోసమే తక్కిన నాటకం రాస్తానని ఆయనే చెప్పుకునేవాడు.

"కథ ఉండాది. పేరు 'శుష్క సంసారం'" అన్నాడు.

"శుష్కం అంటే?"

"ఎండిపోయింది."

తిప్పన్న "చీరలైతే తడి లేకుండానే ఉండాల లే" అని సర్దుకున్నాడు.

ఆ సాయంత్రమే తిప్పన్న కొట్టు పైగదిలో, చీరల మూటల మధ్య కథ వినిపించే ఏర్పాటు జరిగింది. వినడానికి తిప్పన్నతో పాటు నారాయణప్ప వచ్చాడు. నారాయణప్పది ఈ ఊరే. మద్రాసులో సినిమా కథా విభాగాల్లో చాలా ఏళ్లు పనిచేసి, పేరు తెర మీద పడకుండానే తిరిగొచ్చినవాడు. చెయ్యవలసిన పని తెలిసిన మనిషి ఊళ్లో ఆయనొక్కడే.

హనుమంతరాయుడు కథ చెప్పాడు. నేతపని వాళ్ల ఇల్లు. అన్న రుద్రప్ప, తమ్ముడు ముత్యాలప్ప. కరువు. రుద్రప్ప పరమ దుర్మార్గుడు. తమ్ముడి మగ్గం విరగ్గొడతాడు, మరదలి మీద నిందలు వేస్తాడు, తల్లిని ఏడిపిస్తాడు. తల్లి ఆ దిగులుతో పోతుంది. తమ్ముడు క్షయతో పోతాడు. రుద్రప్ప చేసిన పాపం ఊరికే పోదు, ఎండిన బావిలో పడి చస్తాడు. మరదలు గౌరమ్మ మగ్గం ముందు కూర్చుని ఆకాశంకేసి చూస్తుంది. వాన మొదలవుతుంది.

చెప్పడం అయ్యేసరికి తిప్పన్న కళ్లు తుడుచుకుంటున్నాడు. నారాయణప్ప బీడీ ఆర్పి, "బాగుండాదన్నా. రెండు వారాలకు సరిపోతుంది" అన్నాడు.

"ఏంది?"

"రెండు వారాలు. మనం అడిగేది యాభై రెండు వారాలకు. తక్కిన యాభై వారాలు గౌరమ్మ ఆకాశంకేసి చూస్తాంటుందా?"

హనుమంతరాయుడి చెవులు ఎర్రబడ్డాయి. నారాయణప్ప మాత్రం మెల్లగా, చిన్నపిల్లలకు ఎక్కం చెప్పినట్టు చెప్పుకొచ్చాడు. నాటకానికి కథ ముగియాలి. సీరియల్‌కి కథ ముగియకూడదు. ముగియకుండా ఉండే శక్తి ఆ మనుషుల్లోనే ఉండాలి. అందుకని కథకంటే ముందు ఒక పెద్ద దస్త్రం తయారుచేయాలి. ఆ ఇల్లు ఎలాంటిది, ఇంట్లో ఎవరెవరు, ఒక్కొక్కరికి ఏం కావాలి, దేనికి భయం, చచ్చినా చేయని పని ఏది, ఎవరికి ఎవరంటే పడదు, పడకపోయినా ఎందుకు విడిపోలేరు. ఆ తర్వాత పదమూడు వారాలకు ఒక భాగం చొప్పున నాలుగు భాగాలు. ఒక్కో భాగానికి ఒక ప్రశ్న. భాగం చివర ఆ ప్రశ్నకు జవాబు దొరకాలి, దాని కడుపులోంచే ఇంకో పెద్ద ప్రశ్న పుట్టాలి. మొదటి పదమూడూ నచ్చితేనే టీవీ వాళ్లు తక్కినవి ఇస్తారు కాబట్టి అది దానికదే నిలబడాలి. అన్నిటికంటే ముఖ్యం, కథ ఏ స్వరంలో నడుస్తుందో ఒక పేజీ.

"తెల్లోళ్ల దేశాల్లో దీన్ని బైబిల్ అంటారంట. ఒక కెమెరా ఆయన చెప్పినాడు" అన్నాడు నారాయణప్ప.

"బైబిలా! నేను దినాము సంధ్యవారుస్తా నాయనా."

"పేరేదైనా పెట్టుకో అన్నా. ఇరవయ్యో వారం ఇంకొకరు రాయాల్సి వస్తే, గౌరమ్మ గౌరమ్మలాగే మాట్లాడాల కదా. దానికి."

"నేనుండగా ఇంకొకరెందుకు రాస్తారు?"

"నీకు జ్వరమొస్తే?"

"జ్వరంలోనే రాస్తా."

మర్నాటి నుంచి పని మొదలైంది. బడికి సెలవులు. చీర మడతల్లో పెట్టే అట్టముక్కలు తిప్పన్న కొట్లో కుప్పలుగా ఉన్నాయి. ఒక్కో అట్ట మీద ఒక్కో మనిషిని రాసి, పైగది గోడకు మేకులతో కొట్టారు. కింద వరుసలో వారాల అట్టలు. కథలో ఎవరైనా చస్తే ఆ మనిషి అట్ట తీసి కిటికీలో పెట్టాలని నారాయణప్ప కట్టడి చేశాడు. నాలుగో రోజుకు గోడ మీద గౌరమ్మా, ఒక ఆవూ మిగిలారు. తక్కిన ఇల్లంతా కిటికీలో ఉంది. ఇంకా తొమ్మిదో వారమే అయింది.

"అన్నా, వీళ్లను ఇట్ల చంపుకుంటా పోతే పళ్లపొడి ఎవరు కొంటారు?" అని నారాయణప్ప తల పట్టుకున్నాడు.

"కరువు రాస్తాండాము. కరుణరసం ఉండాల్నా వద్దా?"

"ఉండాల. మనుషులు కూడా ఉండాల."

మధ్యలో తిప్పన్న పైకి వచ్చి గోడ చూసి, "పెళ్లి యాడ?" అని అడిగేవాడు. ఆయన లెక్కలో వారానికి ఒక పెళ్లి ఉండాలి. అది కుదరదంటే కనీసం పెళ్లిచూపులైనా ఉండాలి. కరువు కథలో యాభై రెండు పెళ్లిళ్లు ఎలా అని హనుమంతరాయుడు అరిచాడు. చివరికి కథలోని ఇల్లు ఎప్పుడూ ఎవరిదో ఒకరి పెళ్లిచీర నేస్తూ ఉంటుంది కాబట్టి ప్రతి వారం మగ్గం మీద ఒక చీర కనబడుతుందని ఒప్పందానికి వచ్చారు. తిప్పన్న సంతోషంగా దిగిపోయాడు.

రుద్రప్ప అట్ట దగ్గర మాత్రం హనుమంతరాయుడు ఎవరి మాటా వినలేదు. ఆ అట్టను ఆయన ఆవేశంతో రాశాడు. రుద్రప్ప అబద్ధం చెప్పే ముందు దగ్గుతాడు. తాళంచెవితో చెవి తిప్పుకుంటాడు. పక్కవాడి విస్తరిలోకి చూస్తూ తింటాడు. నవ్వరాని చోట పెద్దగా నవ్వుతాడు.

ఈ దగ్గూ తాళంచెవీ ఎవరివో ధర్మవరంలో ఎవరిని అడిగినా చెబుతారు. అవి హనుమంతరాయుడి భార్య రామాంజినమ్మకు తోడబుట్టిన అన్న, ఈశ్వరప్పవి. బావా బావమరుదులకు ఏడేళ్లుగా మాటల్లేవు. ఏడేళ్ల కిందట నాటకం పోటీలో హనుమంతరాయుడి నాయకుడు చావుబతుకుల మధ్య పడి పావుగంట మాట్లాడుతుంటే, ముందు వరుసలో కూర్చున్న ఈశ్వరప్ప పగలబడి నవ్వాడు. ఆయన నవ్వితే పక్కవాడు నవ్వాడు. పక్కవాడు నవ్వితే పందిరి మొత్తం నవ్వింది. చచ్చేవాడికి కూడా నవ్వాగక మూతికి గుడ్డ అడ్డం పెట్టుకున్నాడు. బహుమతి కదిరి వాళ్లు పట్టుకుపోయారు. ఆ రోజు నుంచి అన్న ఇంటికీ మొగుడి ఇంటికీ మధ్య తిరిగేది రామాంజినమ్మ ఒక్కతే.

అట్టలన్నీ కాగితాల మీదికి ఎక్కాయి. టైపు కొట్టించడానికి జుబేదాబీ దగ్గర ఇచ్చారు. బస్టాండు వెనక ఆమెకు టైపు బడి ఉంది. తెలుగు మిషను మీద ఆమె వేళ్లు జొన్నలు వేగినట్టు చప్పుడు చేస్తాయి. రెండో రోజు హనుమంతరాయుడు వెళ్లేసరికి ఆమె టైపు కొడుతూ కొడుతూ ఆగి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది.

"ఏమ్మా, తప్పు పడిందా?"

"లేదు సార్. మీరు రాసిందే."

"ఏ చోటు?"

"తల్లి చచ్చిపోయేది సార్." అని మళ్లీ నవ్వింది. "తప్పనుకోవద్దండి సార్. ఆయమ్మ అంత కష్టపడతా పద్యం చెప్తాంటే ఇంట్లో ఒక్కరు కూడా మంచినీళ్లు ఇయ్యరు. మా నానీ, మా అవ్వ సార్, అయింటే లేచి కొట్టి, మళ్ల పండుకుని చచ్చిపోతాండె."

ఆయన ఇంటికి తిరిగొచ్చాడు. తిరిగొచ్చాక కూడా మనసు కుదుట పడలేదు. ఊరంతా నవ్వు నేర్చుకుందేమిటని రామాంజినమ్మతో అన్నాడు. ఆమె కందిపప్పు చెరుగుతూ, "కరువు కదా. ఇంకేం చేస్తారు" అంది.

జుబేదాబీ చేసిన పని ఇంకొకటి ఉంది. టైపు నేర్చుకునే పిల్లలకు రోజూ కొట్టే పాఠాలంటే విసుగు పుట్టిందని, ఆమె వాళ్లకు ఈ కాగితాలిచ్చి కొట్టించింది. తప్పులతో పడ్డ కాగితాలు ఇళ్లకు వెళ్లాయి. ఇళ్ల నుంచి అంగళ్లకు వెళ్లాయి. వారం తిరక్కుండా రుద్రప్ప సంగతి ధర్మవరం అంతా చదివేసింది.

ఆ తర్వాత పైగదికి మెట్లు ఎక్కేవాళ్లు ఎక్కువయ్యారు. హోటలు ఈరప్ప వచ్చి, కథలో హోటలు ఉందిగానీ హోటలు వాడికి పేరు లేదు, పెట్టమన్నాడు. పోస్టాఫీసు పక్కింటి ముసలమ్మ వచ్చి, గౌరమ్మ అన్ని నిందలు పడి నోరు మెదపదేమిటి, మెదడు లేదా అని కడిగేసింది. పంచాయతీలో పనిచేసే ఒకాయన, క్షయకు ఇప్పుడు సర్కారు ఆసుపత్రిలో మందులు ఇస్తున్నారు, ముత్యాలప్పను ఎందుకు తీసుకుపోలేదని నిలదీశాడు. నారాయణప్ప అన్నీ కాగితం మీద రాసుకున్నాడు. హనుమంతరాయుడు గోడవైపు తిరిగి కూర్చున్నాడు.

ఒక మధ్యాహ్నం మెట్ల మీద దగ్గు వినబడింది.

హనుమంతరాయుడు లేచి చుట్టూ చూశాడు. పారిపోవడానికి ఆ గదికి ఇంకో తలుపు లేదు. ఈశ్వరప్ప లోపలికి వచ్చాడు. చేతిలో టైపు కాగితాలు, వేలికి తాళంచెవి. అరవై దాటిన మనిషి, మెట్లెక్కి ఆయాసపడుతున్నాడు. గోడ మీద రుద్రప్ప అట్ట ముందు నిలబడి, అంతా చదివి, మూటల మీద కూలబడ్డాడు.

"ఏం రాయుడూ. చంపితే చంపినావు. చుక్క నీళ్లు లేని బాయిలో ఏసి చంపేదేంది? కాళ్లిరిగి చచ్చేకి ఎంతసేపు పడుతుందో తెల్సా నీకు?"

ఏడేళ్ల తర్వాత మొదటి మాట అది. "అది నువ్వు కాదు బావా. కల్పన" అన్నాడు హనుమంతరాయుడు.

"కల్పన చెవిలో నా తాళంచెవి ఉండాది. పోనీలే. నేను అడగడానికి వచ్చింది అది కాదు." ఈశ్వరప్ప కాగితాలు తిప్పాడు. "ఈడ ఎనిమిదో వారంలో తమ్ముడి మగ్గం ఇరగ్గొడతా. ఎందుకు?"

"దుర్మార్గుడు కాబట్టి."

"దుర్మార్గుడికి వేరే పని లేదా? మగ్గం ఇరగ్గొట్టాలంటే అర్ధదినం పడుతుంది. చేతులు బొబ్బలెక్కుతాయి. ఊరికే ఎవడు ఇరగ్గొడతాడప్పా?"

నారాయణప్ప కాగితమూ పెన్సిలూ అందుకున్నాడు. "నువ్వైతే ఎందుకు ఇరగ్గొడతావు పెద్దాయనా?" అన్నాడు.

"నేనైతే?" ఈశ్వరప్ప చెవిలో తాళంచెవి తిప్పుకుంటూ ఆలోచించాడు. "వాడు మగ్గం తీసుకుని వేరే పోతానంటే ఇరగ్గొడతా. మగ్గం లేకపోతే యాడికి పోతాడు? ఈ ఇంట్లోనే ఉంటాడు. తిట్టుకుంటానే ఉంటాడు, కానీ ఉంటాడు. మా నాయన నాకు చెప్పి పోయింది ఒకటే, ఇంట్లో పొయ్యి రెండు కాకూడదని. దానికోసం నేను చెయ్యని ఎదవ పని లేదు. అబద్ధాలు చెప్పినా. ఒకడి మీద ఒకడికి చాడీలు చెప్పినా. తమ్ముడికి బెంగళూరులో పని వస్తే ఉత్తరం దాచినా. అయినా రెండు పొయ్యిలు అయినాయి. ఇప్పుడు నాలుగు."

నారాయణప్ప పెన్సిలు గరగరమంటోంది. కిందినుంచి ఎవరో చీర బేరం ఆడుతున్న మాటలు వినిపించాయి. హనుమంతరాయుడు ముప్పై ఏళ్లుగా నాటకాలు రాస్తున్నాడు. తన దుర్మార్గుల్లో ఒక్కడికి కూడా ఏం కావాలో తాను ఎప్పుడూ అడగలేదని ఆయనకు అప్పుడు తట్టింది. తట్టినా ఒప్పుకోబుద్ధి కాలేదు. లోపలున్న పాత మాట బయటికి వచ్చేసింది.

"అంతా సరే బావా. ఆ దినం ఎందుకు నవ్వినావు? నా పరువు తీసినావు."

ఈశ్వరప్ప చేతిలోని కాగితాలు పక్కన పెట్టాడు.

"నీ హీరో చస్తా చస్తా దేశం గురించి, ధర్మం గురించి చెప్తానే ఉండాడు. మా నాయన పోయిన దినం గుర్తొచ్చింది. మేమంతా చుట్టూ కూర్చోనుంటే కళ్లు తెరిచినాడు. ఏందో పెద్దమాట చెప్తాడని నోటి కాడ చెవి పెట్టినా. 'గొర్రెకు మేత ఏసినారా?' అన్నాడు. అంతే, పోయినాడు. నీ హీరో ధర్మం అనంగానే నాకు ఆ గొర్రె గుర్తొచ్చింది. నవ్వాపుకోలేకపోయినా. తర్వాత పందిరి వెనక్కు పోయి గంట ఏడిసినా. నువ్వు నవ్వింది చూసినావు, ఏడ్చింది చూల్లేదు."

హనుమంతరాయుడు మామగారిని తలుచుకున్నాడు. ఆయన పోయిన రోజు తాను అనంతపురంలో పరీక్ష పేపర్లు దిద్దుతూ ఉండిపోయాడు. గొర్రె సంగతి తనకు ఎవరూ చెప్పలేదు.

"మేత ఏసినారా మరి?" అని అడిగాడు చివరికి.

"యాడేసినాము. అందరం నాయన కాడే ఉంటిమి. అది అరుస్తానే ఉండె."

ముందు నారాయణప్ప నవ్వాడు. తర్వాత ఈశ్వరప్ప నవ్వాడు. హనుమంతరాయుడు పెదాలు బిగబట్టి చాలాసేపు ఆగాడు గానీ, ఆయన భుజాలు కదలడం అందరికీ కనబడింది.

ఆ సాయంత్రం రుద్రప్ప అట్టను చింపి కొత్తది రాశారు. రుద్రప్పకు కావలసింది ఇల్లంతా ఒక్క పొయ్యి మీద తినడం. దానికోసం ఏ తప్పైనా చేస్తాడు. ప్రతి తప్పుతోనూ ఇంకొకరు ఇల్లు విడిచి పోవాలనుకుంటారు. ఇంకొకరు పోవాలనుకుంటే రుద్రప్ప ఇంకో తప్పు చేస్తాడు. "ఇది ఆగదు. యాభై రెండు కాదు, నూరు వారాలు తిరుగుతుంది" అన్నాడు నారాయణప్ప. అట్ట అడుగున పెద్ద అక్షరాలతో రాశాడు: రుద్రప్ప చావకూడదు.

గౌరమ్మకు నోరు వచ్చింది. ముత్యాలప్పకు క్షయ పోయి బద్ధకం వచ్చింది. వేరే కాపురం పెడతానని రోజూ అంటాడు, గోడ కట్టాల్సిన రోజున నిద్ర లేవడు. తల్లి తిరుపాలమ్మ బతికింది. సగం వినిపించనట్టు ఉంటుంది గానీ ఆమెకు అంతా వినిపిస్తుంది. ఆ సంగతి ప్రేక్షకులకు మాత్రమే తెలియాలి. మొదటి భాగానికి ప్రశ్న, ఇల్లు విడిపోతుందా? రెండో భాగంలో కరెంటు మగ్గం గుమ్మం దాకా వస్తుంది. లోపలికి రానిస్తారా? మూడో భాగంలో గౌరమ్మ తానే కొత్త అంచులు నేసి పేరు తెచ్చుకుంటుంది. ఇంట్లో పెద్ద ఎవరు? నాలుగో భాగం హనుమంతరాయుడిదే ఆలోచన. దాన్ని ఆయన మెల్లగా, కొంచెం సిగ్గుపడుతూ చెప్పాడు. "వాన రావాల. కరువులో పోవడానికి చోటు లేక కలిసున్నోళ్లు, వాన వచ్చినాక ఎట్ల కలిసుంటారు?" నారాయణప్ప బీడీ తీసి చేతిలో పట్టుకుని, అంటించడం మరిచిపోయాడు.

స్వరం పేజీ ఒక్కటీ మిగిలింది. ఇదివరకు హనుమంతరాయుడు అక్కడ నాలుగు పేజీలు రసాల గురించి రాశాడు. ఇప్పుడు అదంతా కొట్టేసి నాలుగు వాక్యాలు రాశాడు. ఈ ఇంట్లో ఎవరూ ఏడవడానికి కూర్చోరు, పని చేసుకుంటూ ఏడుస్తారు. ఎంత పెద్ద దుఃఖంలోనైనా ఒకరు చారులో ఉప్పు లేదంటారు. వాళ్లు నవ్వించడానికి మాట్లాడరు, అవసరం కొద్దీ మాట్లాడతారు. ఎవరూ ఒక్క నిమిషానికి మించి ఉపన్యాసం ఇవ్వరు. చివరి వాక్యం రాసేటప్పుడు ఆయన చెయ్యి కొంచెం ఆగింది.

పేరు కూడా మారింది. 'ఒక్క పొయ్యి'. తిప్పన్నకు అర్థం చెప్పనవసరం లేకపోయింది. జుబేదాబీ మొదటి నుంచి చివరి దాకా మళ్లీ టైపు కొట్టి ఇస్తూ, "ఇప్పుడు కూడా నవ్వొచ్చింది సార్. కానీ ఈసారి తిరుపాలమ్మ కాడ ఏడుపు కూడా వచ్చింది. ఒక కాయితం తడిసింది, మళ్ల కొట్టినా" అంది.

టీవీ కేంద్రం నుంచి పిలుపు వచ్చేసరికి ఆగస్టు దాటింది. ముగ్గురూ హైదరాబాదు వెళ్లారు. తిప్పన్న ఒక పెట్టె నిండా చీరలు తెచ్చాడు, నారాయణప్ప బతిమాలి లాడ్జిలో పెట్టించాడు. గదిలో బల్ల అవతల నలుగురు కూర్చుని ఉన్నారు. మధ్యలో కళ్లద్దాల ఆవిడ, పెద్ద అధికారి. దస్త్రం ఆమె ముందు ఉంది. మూలలు మడిచి ఉన్నాయి, అంటే చదివిందన్నమాట.

"యాభై రెండు వారాలంటున్నారు. ఐదారు వారాలకు కథ అయిపోయి, తర్వాత ఏం రాయాలో తెలియక వచ్చిన వాళ్లను చాలామందిని చూశాను" అంది ఆమె. "ఇందులో లేనిది ఒకటి అడుగుతాను. రేపు ఇవ్వాల్సిన పెళ్లిచీర మగ్గం మీద ఉంది. ఇవాళ నేసేవాళ్లు కాళ్లు పెట్టుకునే మగ్గం గుంతలోకి పాము దూరింది. ఎవరేం చేస్తారు?"

పాము అనగానే హనుమంతరాయుడిలోని పాత నాటకకర్త లేచాడు. ముత్యాలప్పను కరిపించి, పావుగంట... అని ఆశపడ్డాడు. అంతలోనే ఆ ఇల్లు కళ్లముందు కనబడింది. ఆయన తనకు తెలియకుండానే దగ్గాడు.

"రుద్రప్ప తలుపులు మూసేస్తాడమ్మా. పాము దూరిన ఇల్లని తెలిస్తే చీర ఎవరూ తీసుకోరు. బయట ఎవరన్నా అడిగితే, ఇంట్లో పూజ జరుగుతాంది అంటాడు."

"ముత్యాలప్ప పాములాయన్ని తోడుకొస్తానని పోతాడు" అని నారాయణప్ప అందుకున్నాడు. "కడాకు ముత్యాలప్పే ఈరప్ప హోటల్లో దొరుకుతాడు. పాములాయన ఎదురుగానే కూర్చోనుంటాడు, కానీ ఈయన ఇంకా ఇడ్లీ తింటాంటాడు."

"గౌరమ్మ?"

"కాళ్లు పైకి ముడుచుకుని, తొక్కుడు కర్రలకు తాళ్లు కట్టి చేత్తో లాగుతా నేస్తాంటుంది" అన్నాడు హనుమంతరాయుడు. "రుద్రప్పతో చెప్తుంది, 'బావా, చీరకు నా పేరు చెప్పి ఇయ్యాల, లేకపోతే తలుపు తీస్తా' అని."

"ముసలామె?"

"గుంత కాడ గిన్నెలో పాలు పెడతాదమ్మా. పాముకు పాలుండాయి గానీ నా కాఫీకి లేవా అని సణుగుతుంది."

అప్పటిదాకా బిగుసుకుని కూర్చున్న తిప్పన్న ఇక పట్టలేక, "చీరకేం కాలేదు కదా?" అన్నాడు నిజమైన ఆదుర్దాతో.

బల్ల అవతల నలుగురూ నవ్వారు. కళ్లద్దాల ఆవిడ అద్దాలు తీసి తుడుచుకుంది. ఈసారి హనుమంతరాయుడికి కోపం రాలేదు. ఆ నవ్వును ఆయన కొలిచి చూసుకున్నాడు, బాగుందనిపించింది.

"ఈ రుద్రప్పను చివర్లో చంపుతారా?" అని అడిగింది ఆవిడ.

"చంపమమ్మా. వాడు చస్తే అందరూ వేరే పోతారు."

అక్కడ కూడా అంతా సాఫీగా జరగలేదు. యాస అందరికీ అర్థమవుతుందా అని ఒకాయన పట్టుబట్టాడు. దానిమీద చాలాసేపు వాదన నడిచింది. చివరికి మొదటి పదమూడు వారాలకు ఒప్పుకుంటామనీ, ముందు ఒక వారం కథ తీసి చూపించాలనీ, తక్కిన ముప్పై తొమ్మిదీ జనం చూసినదాన్ని బట్టి అనీ చెప్పారు. బయటికి వచ్చాక తిప్పన్న ముగ్గురికీ ద్రాక్షరసం ఇప్పించి, చీరలు చూపించకుండానే పని జరిగిందని కొంచెం బాధపడ్డాడు.

వార్త తెలిసిన మర్నాడే ఈశ్వరప్ప ఉతికిన పంచె కట్టుకుని పైగదికి వచ్చాడు. రుద్రప్ప వేషం తనదేనన్నాడు. "ఇంకెవరికి వస్తుందప్పా? నేనే కదా వాడు!"

కాదనలేక నారాయణప్ప ఒక సన్నివేశం చేసి చూపించమన్నాడు. ఈశ్వరప్ప లేచి నిలబడి, ఛాతీ ముందుకు పెట్టి, చేతులు గాలిలో తిప్పుతూ, రాజు పాత్ర ఒప్పజెప్పినట్టు గొంతు చించుకున్నాడు. దగ్గు కూడా రాగం తీసి దగ్గాడు. తాళంచెవి చెవి దాకా రాకుండా గాలిలోనే ఆగిపోయింది. నారాయణప్ప నేలచూపులు చూశాడు. హనుమంతరాయుడు పళ్లు బిగబట్టినా లాభం లేకపోయింది. పగలబడి నవ్వాడు.

ఈశ్వరప్ప మొహం మాడిపోయింది. మెట్లు దిగి వెళ్లిపోయాడు. ఇంకో ఏడేళ్లు మాటలుండవని హనుమంతరాయుడు దిగులుపడి, రాత్రి అన్నం సరిగ్గా తినలేదు. రామాంజినమ్మ విషయమంతా విని, "మా అన్న చేసేది నాకూ చూపించింటే బాగుండు" అని మాత్రం అంది.

రుద్రప్ప వేషానికి అనంతపురం నుంచి ఒక బ్యాంకు ఉద్యోగి దొరికాడు. ఆయన ఎలా దగ్గాలో తెలియక ఇబ్బంది పడుతున్న రోజున మెట్ల మీద మళ్లీ ఆయాసం వినిపించింది. ఈశ్వరప్ప వచ్చి, ఎవరినీ పలకరించకుండా, మూటల మీద కూర్చుని గోడకేసి చూశాడు.

"రెండో భాగంలో కరెంటు మగ్గం వస్తుందని రాసినారే. దాన్ని రుద్రప్ప వద్దంటాడని ఉండాది. ఎందుకు వద్దంటాడు? వాడే తెస్తాడు."

"వాడెట్ల తెస్తాడు బావా? పాతకాలం మనిషి."

"తమ్ముణ్ణి ఇంట్లో ఆపేకి. రాయుడూ, నీకు ఇంకా వాడు అర్థం కాలేదు."

హనుమంతరాయుడు మొదట కాదన్నాడు. తర్వాత గొంతు పెంచి కాదన్నాడు. ఈశ్వరప్ప అంతకంటే గట్టిగా అరిచాడు. కింద కొట్లో చీర చూస్తున్న ఆడవాళ్లు పైకి చూశారు. తిప్పన్న ఏమీ లేదని చెయ్యి ఊపి, ఇంకో చీర మడత విప్పాడు. పైన నారాయణప్ప రెండో భాగం అట్టలన్నీ గోడ నుంచి పీకి కింద పరిచి, బ్యాంకు ఉద్యోగిని పక్కన కూర్చోబెట్టుకుని, ఆ అరుపుల్లో పనికొచ్చేవి ఏరి రాసుకోవడం మొదలుపెట్టాడు.